ఒక్కసారి వింటే నోట్లో ఆడాలి

ప్రశ్న: గుడి పక్కన మిఠాయి దుకాణం మాది. ఆటో మైకులో వేసే మా ప్రచారపాట ఎవరికీ గుర్తుండటం లేదు. ఎందుకని?

జవాబు: మీ పాట ధరల పట్టికలా ఉండి ఉంటుంది. రెండు రకాలు, ఒక ఆనవాలు, చివర పేరు చాలు. నిర్మా ప్రకటనలో పేరే మళ్లీమళ్లీ వస్తుంది.

ఇలా ప్రయత్నించండి:

తియ్యని కాజా, వెచ్చని బూందీ
గుడి పక్కన మన...

మొదటి పాదానికి నాలుగు చప్పట్లు, ఒక్కోదానికి నాలుగు మాత్రలు. రెండోదానికి రెండే, మిగతా రెండింటిలో దుకాణం పేరు సాగాలి. పేరు ఇరుకైతే ‘మన’ తీసేయండి. రెండు పాదాలకూ ఒకే వరస, నాలుగైదు స్వరాల్లోనే.

ఇంట్లోవాళ్లకు కాదు, కొనేవాళ్లకు ఒకసారి వినిపించి, కాసేపాగి పాడమనండి. తడబడిన మాటే మార్చాలి.

చప్పట్లు కుదరకపోతే దగ్గరి సంగీతం మాస్టారిని కలవండి. సినిమా వరస వాడాలనుకుంటే ముందే హక్కుదారుల అనుమతి తీసుకోండి.