ఇ.సి.జి. రిపోర్టులో క్యూటీ అంటే ఏమిటి? మందులతో దానికేం సంబంధం?

డాక్టరు గారు రౌండ్సుకు వచ్చి, ఇ.సి.జి. కాగితం చూసి, "క్యూటీ ఎక్కువగా ఉంది, వాంతుల మందు ఆపండి" అని చెప్పి వెళతారు. ఆ తర్వాత మీరు మా దగ్గరకు వచ్చి, "సిస్టర్, అమ్మకు గుండెజబ్బు వచ్చిందా? వాంతుల మందుకూ గుండెకూ ఏమిటి సంబంధం?" అని అడుగుతారు. ఈ పాఠంలో ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకుందాం.

క్యూటీ అంటే ఏమిటి?

గుండె కొట్టుకున్న ప్రతిసారీ దానిలో స్వల్పమైన విద్యుత్తు ప్రసరిస్తుంది. ఇ.సి.జి. కాగితం మీద నిటారుగా లేచే పదునైన గీత, గుండె కింది గదులలో విద్యుత్తు పాకిందని చెబుతుంది. దాని వెనుక వచ్చే గుండ్రని చిన్న గుట్ట, ఆ గదులు మరుసటి దెబ్బకు మళ్ళీ సిద్ధమయ్యాయని చెబుతుంది. పదునైన గీత మొదలు నుండి గుట్ట చివరి వరకు పట్టే సమయమే క్యూటీ.

కాగితం మీద ఒక చిన్న గడి 40 మిల్లీ సెకన్లకు సమానం. ఒక సెకనులో వెయ్యి మిల్లీ సెకన్లు ఉంటాయి. గుండె వేగంగా కొట్టుకుంటే క్యూటీ తనంతట తానే తగ్గుతుంది, నెమ్మదిగా కొట్టుకుంటే పెరుగుతుంది. అందువల్ల నాడి వేగాన్ని బట్టి సరిచేసిన అంకెను చూడాలి. రిపోర్టు పైభాగంలో QTc అని ఉండేది అదే. సాధారణంగా అది మగవారిలో 450 లోపు, ఆడవారిలో 460 లోపు ఉంటుంది. 500 దాటితే డాక్టర్లు వెంటనే జాగ్రత్తపడతారు.

మందులు క్యూటీని ఎలా పెంచుతాయి?

గుండె కణం మళ్ళీ సిద్ధం కావాలంటే లోపలి పొటాషియం కొంత బయటకు పోవాలి. అందుకోసం కణం గోడలో సన్నని ద్వారాలు ఉంటాయి. కొన్ని మందులు ఈ ద్వారాలలో అడ్డుపడతాయి. అప్పుడు పొటాషియం నెమ్మదిగా బయటకు పోతుంది, కణం సిద్ధం కావడానికి ఎక్కువ సమయం పడుతుంది, కాగితం మీద గుట్ట దూరంగా జరుగుతుంది.

ఇవి గుండె మందులే కానక్కరలేదు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్సు, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకొనజోల్, మానసిక వ్యాధులకిచ్చే హాలోపెరిడాల్, మొండి టి.బి.కి ఇచ్చే బెడాక్విలిన్ కూడా ఈ కోవలోవే. ఇవి అవసరమైన మందులే, చాలామందికి ఏ హానీ చేయవు. ఇటువంటివి రెండు మూడు కలిసినప్పుడు, లేదా ఒంట్లో లవణాలు తగ్గినప్పుడు చిక్కు వస్తుంది.

ఒక ఉదాహరణ

62 ఏళ్ళ ఒక తల్లిని ఆమె కూతురు మా వార్డుకు తీసుకొచ్చింది. కాళ్ళ వాపు కోసం ఆమె చాలాకాలంగా ఫ్రూసమైడ్ మాత్ర వాడుతున్నారు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఈ మాత్రతో పొటాషియం, మెగ్నీషియం కూడా బయటకు పోతాయి. ఆపై మూడు రోజులుగా విరేచనాలు, వాంతులు. మందుల షాపులో అడిగితే అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రలు ఇచ్చారు. మూడో రోజు ఉదయం ఆమె మంచం మీద కూర్చుని ఉండగానే ఉన్నట్టుండి పడిపోయారు, చేతులు కొట్టుకున్నాయి, అర నిమిషంలో లేచి కూర్చున్నారు.

"ఫిట్స్ అనుకున్నాం సిస్టర్" అన్నది కూతురు.

ఇ.సి.జి. తీశాము. నాడి నిమిషానికి 90. క్యూటీ 11 చిన్న గడులు, అంటే 440. చూడటానికి ఇది పెద్ద అంకెలా లేదు. కానీ అంత వేగంగా కొట్టుకునే గుండెకు అది చాలా ఎక్కువ. సరిచేస్తే 539 వచ్చింది. అదృష్టం కొద్దీ కూతురు ఆరు నెలల కిందటి ఇ.సి.జి. కూడా తెచ్చింది. అందులో 440 ఉంది. అంటే ఈ పెరుగుదల పాతది కాదని తేలింది. రక్తంలో పొటాషియం 2.8 ఉంది. అది కనీసం 3.5 ఉండాలి.

ఆమెకు జరిగింది ఇది. పొటాషియం ద్వారాలు సరిగా పనిచేయాలంటే రక్తంలో కూడా పొటాషియం తగినంత ఉండాలి. అది తగ్గడంతో ద్వారాలు ముందే మందగించాయి. ఆపైన రెండు మందులు వాటికి అడ్డుపడ్డాయి. గుండె పూర్తిగా సిద్ధం కాకముందే మరో దెబ్బ పడితే లయ తప్పి, అది అతివేగంగా అల్లాడిపోతుంది. అప్పుడు మెదడుకు రక్తం అందదు, మనిషి పడిపోతాడు. ఆ లయ దానంతట అదే సర్దుకుంటే తేరుకుంటాడు. సర్దుకోకపోతే ప్రాణం పోవచ్చు. చేతులు కొట్టుకోవడం వల్ల దీన్ని ఫిట్స్ అని పొరబడటం తరచుగా జరుగుతుంది.

డాక్టరు గారు ఆ రెండు మందులూ, ఫ్రూసమైడూ ఆపించారు. మానిటరు పెట్టి, మెగ్నీషియం ఇంజెక్షను ఇచ్చి, పొటాషియంను సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాము. "తొందరగా ఎక్కించకూడదా సిస్టర్?" అని కూతురు అడిగింది. పొటాషియం వేగంగా ఎక్కితే దానివల్లే గుండె ఆగిపోవచ్చు. అందుకే గంటల తరబడి కూర్చోవలసి వచ్చింది. అజిత్రోమైసిన్ ఆపినా ఒంట్లో కొన్ని రోజులు నిలిచి ఉంటుంది కాబట్టి రోజూ ఇ.సి.జి. తీశాము. నాలుగో రోజున నాడి 72, QTc 449. ఆమె ఇంటికి వెళ్ళారు.

అంకె ఎక్కువుంటే ప్రతిసారీ ప్రమాదమేనా?

కాదు. మిషను వేసే అంకె కొన్నిసార్లు తప్పుతుంది. రోగి వణుకుతున్నా, నాడి క్రమం తప్పి ఉన్నా, గుండెలో ఒక వైపు విద్యుత్తు ఆలస్యంగా పాకినా అది నమ్మదగినది కాదు. అందుకే డాక్టరు గారు గడులు స్వయంగా లెక్కపెడతారు, అవసరమైతే మళ్ళీ తీయిస్తారు. 470, 480 వస్తే చాలాసార్లు మందు మార్చడమో, లవణాలు సరిచేయడమో సరిపోతుంది. మొండి టి.బి. వంటి జబ్బులో మందు తప్పనిసరి గనుక, దాన్ని కొనసాగిస్తూనే మధ్యమధ్య ఇ.సి.జి. తీస్తారు.

మీరు చేయవలసినవి

1. ఆసుపత్రికి వచ్చేటప్పుడు రోగి వాడే మందుల అట్టలన్నీ తెండి. షాపులో కొన్నవి, పక్కింటివారు ఇచ్చినవి కూడా వదలవద్దు. పాత ఇ.సి.జి. ఉంటే తప్పక తెండి.

2. క్యూటీ ఎక్కువని ఒకసారి చెప్పి ఉంటే, ఆ మాట మందుల చీటీ మీద వ్రాయించుకోండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు దాన్ని చూపండి.

3. అటువంటి మందు వాడే మనిషికి విరేచనాలో, వాంతులో పట్టుకుంటే షాపు మందుతో సరిపెట్టక ఆసుపత్రికి తీసుకురండి. మందు మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరును అడిగి ఆపండి.

4. ముందు ఏ సూచనా లేకుండా స్పృహ తప్పి పడిపోతే, వెంటనే తేరుకున్నా సరే, అదే రోజు ఇ.సి.జి. తీయించండి. మీ కుటుంబంలో చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయినవారుంటే ఆ సంగతి కూడా చెప్పండి. కొందరిలో క్యూటీ పొడుగు పుట్టుకతోనే వస్తుంది.

5. పడిపోయిన మనిషి పలకకుండా, ఊపిరి తీయకుండా ఉంటే 108కి ఫోను చేయించి, రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. నోట్లో నీళ్ళు పోయవద్దు.