ఫిక్స్‌డ్ డిపాజిట్లు: ద్రవ్యోల్బణం, నిజ రాబడి

ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై బ్యాంకు ప్రకటించేది నామమాత్రపు వడ్డీ రేటు. ద్రవ్యోల్బణం ప్రభావాన్ని మినహాయిస్తే మిగిలేది నిజ వడ్డీ రేటు. ఈ రెండింటి సంబంధాన్ని వివరించే సమీకరణం అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరుతో ప్రసిద్ధి.

నిజ రేటు = (1 + నామమాత్రపు రేటు) ÷ (1 + ద్రవ్యోల్బణ రేటు) − 1

ఉదాహరణ: లక్ష రూపాయలను 7 శాతం వార్షిక చక్రవడ్డీకి 10 ఏళ్లు డిపాజిట్ చేస్తే సుమారు రూ.1,96,715 చేతికొస్తాయి. అదే కాలంలో ధరలు ఏటా 6 శాతం పెరిగితే, మొదట రూ.100 ఉన్న సరుకుల ధర రూ.179 అవుతుంది. అంటే, వచ్చిన మొత్తం కొనుగోలు శక్తి నేటి రూ.1,09,845కే సమానం. దాదాపు రెట్టింపైనట్టు కనిపించిన సొమ్ము నిజానికి పెరిగింది పదో వంతే.

వడ్డీపై ఏటా 20 శాతం ఆదాయపు పన్ను పడితే, సెస్సును పక్కన పెట్టినా, నికర రేటు 5.6 శాతానికి తగ్గుతుంది. అప్పుడు పదేళ్ల తర్వాతి నిజ విలువ సుమారు రూ.96,290. ఇది అసలు కన్నా తక్కువ. పన్ను నామమాత్రపు వడ్డీ మొత్తంపై పడటమే దీనికి కారణం.

గుర్తుంచుకోవాల్సింది: పన్ను పోగా మిగిలే రేటు ద్రవ్యోల్బణం కన్నా తక్కువైతే నిజ రాబడి రుణాత్మకం.