అత్తింటి వాట్సాప్ గ్రూపులో ఉండలేను, ఎలా చెప్పను?

సమస్య

నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నర్సును. ఐసీయూలో డ్యూటీ, అందులో సగం రాత్రిళ్లే. పొద్దున్న ఇంటికొచ్చి, పిల్లని బడికి పంపి పడుకునేసరికి తొమ్మిదవుతుంది. సరిగ్గా అప్పుడే మా అత్తగారి వైపు వాట్సాప్ గ్రూపు జోరందుకుంటుంది. డెబ్బై మందికి పైగా ఉంటాం. దేవుడి బొమ్మలతో శుభోదయాలు, ఆరోగ్య చిట్కాలు, రాజకీయ వీడియోలు, ఒకరి పుట్టినరోజైతే సాయంత్రం దాకా శుభాకాంక్షలు.

మ్యూట్‌లో పెట్టాను. అయినా మా ఆడపడుచులు నన్ను ట్యాగ్ చేస్తే మోగుతుంది. బదులివ్వకపోతే "నీలం టిక్కులు పడ్డాయిగా, చూసి కూడా పలకలేదేం?" అంటారు. డ్యూటీ మార్పుల కబుర్లూ వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి దాన్ని మొత్తంగా ఆపేసుకోలేను.

గ్రూపు పెట్టింది మా పెదమామగారు. ఊళ్లో ఒక్కరే ఉంటారు, తెల్లవారుజామునే మొదటి మెసేజ్ ఆయనదే. కిందటేడు చినమామగారి కోడలు మాటమాత్రం చెప్పకుండా గ్రూపు వదిలేసింది. సంక్రాంతికి వెళ్తే ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. నాకు అలా కాకూడదు. ఈ నాలుగు ముక్కలు రాసుకున్నాను: "మెసేజ్‌లు మరీ ఎక్కువవడం వల్ల నేను ఈ గ్రూపు నుంచి నిష్క్రమిస్తున్నాను. దయచేసి ఎవరూ అపార్థం చేసుకోవద్దు." పంపమంటారా? మరో మాట, గ్రూపుకి నేనూ ఒక అడ్మిన్‌నే.

- పేరు వద్దు, విశాఖపట్నం

సలహా

అమ్మా, ఆ మెసేజ్ పంపకండి. గ్రూపు మాత్రం వదిలేయండి. రాత్రంతా ఐసీయూలో నిలబడి వచ్చిన మనిషికి పగటి నిద్ర విలాసం కాదు.

మ్యూట్‌లో పెట్టుకుని ఉండిపొమ్మని చాలామంది చెబుతారు, నేనూ మామూలుగా అదే చెబుతాను. మీ విషయంలో అది సరిపోదు. మ్యూట్ చప్పుడుని ఆపుతుంది కానీ మీ నుంచి జవాబు వస్తుందన్న ఎదురుచూపుని ఆపదు. పైగా సెట్టింగ్స్‌లో నీలం టిక్కులు తీసేసినా గ్రూపులకి అది వర్తించదు. మెసేజ్ పెట్టినవాళ్లకి ఎవరు చదివారో పేర్లతో సహా కనిపిస్తుంది. గ్రూపులో పేరుండి పలకని కోడలి మీద రోజూ కొంచెం కొంచెంగా మాట పేరుకుంటుంది. దానికంటే చెప్పి బయటికి రావడమే మర్యాద.

మీ తోడికోడలి విషయంలో పెద్దల్ని నొప్పించింది ఆమె వెళ్లడం కాదు, వాళ్లకై వాళ్లు కనుక్కోవాల్సి రావడం. 2022 నుంచి వాట్సాప్‌లో ఎవరైనా గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే వెళుతుంది. అయితే వెళ్లినవాళ్ల పేర్లు అరవై రోజుల పాటు గ్రూపు వివరాల్లో ఎవరు చూసినా కనిపిస్తాయి. అంటే గుట్టుగా వెళ్లడం కుదరదు, కాస్త ఆలస్యంగా బయటపడుతుందంతే. మొదట తెలిసేది మాత్రం పెదమామగారికే. తెల్లవారి బొమ్మ పెడదామని ఫోన్ తీసిన ఆయనకి ముందు మీరు వెళ్లిపోయారన్న గీత కనిపించిందనుకోండి, ఎంత చిన్నబుచ్చుకుంటారో ఆలోచించండి. ఒంటరిగా ఉండే పెద్దాయనకి ఆ బొమ్మ పంపడం నేను లేచాను, బాగున్నాను అని చెప్పడం.

అందుకని ముందు ఆయనకి ఫోన్ చేయండి. మీవారి చేత చెప్పిస్తే "మొగుడితో చెప్పించింది" అనే మాట వస్తుంది, మీరే మాట్లాడండి. సెలవు రోజు సాయంత్రం, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు. ఆరోగ్యం కనుక్కుని, తర్వాత ఇలా అనండి: "మామయ్యగారూ, రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకుంటున్నాను. గ్రూపులో మీరంతా పిలిచినప్పుడు పలకలేకపోతున్నాను, నాకే బాధగా ఉంది. కొన్నాళ్లు గ్రూపులోంచి తప్పుకుంటాను. మీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక ఫోన్ చేశాను." మళ్లీ చేరే ఉద్దేశం లేకపోతే 'కొన్నాళ్లు' తీసేయండి, లేని ఆశ పెట్టొద్దు. ఆయన "మెసేజ్‌లు ఎక్కువయ్యాయామ్మా?" అని అడిగితే ఎవరి పేరూ ఎత్తకుండా మళ్లీ మీ నిద్ర సంగతే చెప్పండి. మిగతా అడ్మిన్లకి కూడా ముందే ఒక మాట చెప్పండి.

ఇప్పుడు మీరు రాసిన మెసేజ్. "మెసేజ్‌లు మరీ ఎక్కువవడం వల్ల" అనగానే పంపేవాళ్లందరూ దోషులయ్యారు, అందులో మొదటివారు పెదమామగారు. "నిష్క్రమిస్తున్నాను" అనేది ఇంట్లో వాడే మాట కాదు, రాజీనామా పత్రంలా ఉంది. "అపార్థం చేసుకోవద్దు" అంటే, అపార్థానికి ఏదో చోటుందని మీరే చూపించినట్టు. అన్నింటికంటే పెద్ద లోటు, రేపు ఇంట్లో మంచో చెడో జరిగితే మీకు ఎలా తెలియాలో అందులో లేదు. పెద్దల బెంగంతా అక్కడే ఉంటుంది. ఇలా రాసి చూడండి:

"పెదమామగారికి, పెద్దలందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీల వల్ల పగలు పడుకుంటున్నాను, గ్రూపులో వేళకి పలకలేకపోతున్నాను. పెదమామగారికి చెప్పాను, రేపటి నుంచి గ్రూపులో ఉండను. శుభకార్యమైనా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా నాకు ఫోన్ చేయండి, ఎత్తకపోతే మీ అబ్బాయికి చెప్పండి. మావారు ఇక్కడే ఉంటారు కదా, కబుర్లన్నీ ఆయన చెబుతారు. సంక్రాంతికి అందరం ఊళ్లో కలుద్దాం."

చివర్న "మావారు" అన్నచోట మీ ఇంట్లో పెద్దల ముందు ఆయన్ని ఎలా అంటారో అలా మార్చుకోండి. ఇంతకంటే పొడిగించొద్దు. సంజాయిషీ పెరిగే కొద్దీ అసలు కారణం వేరే ఏదో ఉందనిపిస్తుంది.

"రేపటి నుంచి" అని ఊరికే రాయలేదు. మెసేజ్ పెట్టిన మరుక్షణం వెళ్లిపోతే, "ఏమైందమ్మా?" అని అడిగిన పెద్దవాళ్ల ప్రశ్న జవాబు లేకుండా అక్కడే వేలాడుతుంది. ఆ పూటంతా ఉండి, వచ్చినవాటికి పేరుపేరునా పలకండి. "మ్యూట్ చేసుకోవచ్చుగా" అని ఎవరైనా పట్టుబడితే అక్కడ వాదించకుండా "ఫోన్ చేస్తాను అత్తయ్యా" అని, నిజంగానే చేయండి. మర్నాడు బయటికి వచ్చేయండి.

రోజు కూడా చూసుకోండి. పండగ పూట, గ్రూపులో ఏదో గొడవ జరిగిన వారం, ఇంట్లో పెళ్లి పనులు నడుస్తున్నప్పుడు వద్దు. ఎవరైనా ఆసుపత్రిలో ఉండి ఆ కబుర్లు గ్రూపులోనే వస్తుంటే, వాళ్లు ఇంటికి చేరేదాకా ఆగండి. ఇంట్లో నర్సు ఉన్నారంటే అలాంటప్పుడు అందరూ చూసేది మీ వైపే.

అడ్మిన్ అన్నారు కాబట్టి, కొత్తవాళ్ల నంబర్లు చేర్చే పని బహుశా మీ మీదే ఉండి ఉంటుంది. వెళ్లేముందు ఆడపడుచుల్లో ఒకరిని అడ్మిన్‌ని చేసి ఆ పని అప్పజెప్పండి. పెళ్లి ఫొటోల వంటివి కావాలనుకుంటే ముందే దించుకోండి. పాత సంభాషణ మీరు చెరిపేయనంతవరకు మీ ఫోన్లో ఉంటుంది కానీ, దించుకోని ఫొటోలు తర్వాత దొరక్కపోవచ్చు.

ప్రేమకొద్దీ ఎవరో మిమ్మల్ని మళ్లీ చేర్చవచ్చు. ఫలానావాళ్లు నన్ను గ్రూపుల్లో చేర్చకూడదని ప్రైవసీలో పెట్టుకోవచ్చు కానీ, పెద్దల మీద అది వాడొద్దు. చేర్చబోయిన అడ్మిన్‌కి కుదరలేదని, ఆహ్వానం విడిగా పంపమని ఫోన్ చెబుతుంది. మొహం మీద తలుపేసినట్టుంటుంది. చేర్చిన వాళ్లకి ఫోన్ చేసి సంగతి చెప్పి, మళ్లీ బయటికి రండి.

ఇక ఆ తర్వాత, పెదమామగారి శుభోదయం బొమ్మ మీకు విడిగా రావడం మొదలవుతుందనుకుంటున్నాను. దాన్ని రానివ్వండి. ఆ ఒక్క సంభాషణనీ మ్యూట్‌లో పెట్టుకుని, సాయంత్రం నిద్ర లేచాక ఒక నమస్కారం పెట్టండి.