గీతల ఎడం నుంచి బంధం పొడవు

ఈసారి గోడపత్రికకు మా కెమిస్ట్రీ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. కార్బన్ మోనాక్సైడ్ అణువులో కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య దూరం 1.13 ఆంగ్‌స్ట్రామ్‌లు అని పుస్తకంలో ఒక్క ముక్కలో ఉంటుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు. అంత చిన్న దూరాన్ని ఏ స్కేలు పెట్టి కొలిచారు? అణువు తిరిగేటప్పుడు అది పీల్చుకునే కిరణాలే ఆ స్కేలు. ఎలాగో మెట్టుమెట్టుగా చూద్దాం.

కావడిని ఊహించుకోండి. బద్దకు రెండు చివర్లా రెండు కుండలు. ఒకటి కాస్త బరువు, ఇంకొకటి తేలిక. భుజం మీద ఆనే చోటు సరిగ్గా మధ్యలో ఉండదు, బరువు కుండ వైపు జరుగుతుంది. మన అణువూ అంతే. ఆక్సిజన్ బరువు 15.995, కార్బన్ బరువు 12. తూకం కుదిరిన బిందువు చుట్టూ రెండూ గిరగిరా తిరుగుతాయి. బద్ద పొడవు పెరిగేకొద్దీ తిప్పడం కష్టం. ఆ కష్టానికి కొలతే జడత్వ భ్రామకం. దాన్ని I అంటారు.

రెండు బరువులతో లెక్క చేయడం కంటే, వాటి లబ్ధాన్ని మొత్తంతో భాగించి ఒకే బరువుగా మార్చుకుంటే సులువు. దీన్నే రెడ్యూస్డ్ మాస్ అంటారు, గుర్తు μ. బంధం పొడవు r అనుకుంటే:

I = μr²

అంటే I తెలిస్తే r తెలిసినట్టే. ఇక I ఎలా తెలుస్తుంది?

బొంగరం ఏ వేగంతోనైనా తిరుగుతుంది. అణువుకు ఆ స్వేచ్ఛ లేదు. దాని భ్రమణ శక్తికి కొన్ని మెట్లే ఉంటాయి. మెట్టు నంబరు J అయితే (0, 1, 2, 3...) శక్తి ఇది:

E = hB·J(J+1), B = h/(8π²I)

J కి 0, 1, 2, 3 వేసి చూడండి. J(J+1) విలువలు 0, 2, 6, 12 అవుతాయి. అణువు కిరణాన్ని పీల్చుకున్నప్పుడు ఒక్కసారికి ఒక్క మెట్టే ఎక్కుతుంది. కాబట్టి వర్ణపటంలో గీతలు మెట్ల మధ్య తేడాల దగ్గర పడతాయి: 2B, 4B, 6B. మెట్ల ఎత్తు పెరుగుతూ పోతున్నా, గీతకూ గీతకూ మధ్య ఎడం మాత్రం ఎప్పుడూ 2B. ఈ పాఠానికి ప్రాణం ఇదే.

ఇప్పుడు నిజమైన కొలతలు చూద్దాం. కార్బన్ మోనాక్సైడ్ మొదటి నాలుగు గీతలు గిగాహెర్ట్జ్‌లలో 115.271, 230.538, 345.796, 461.041. ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే ఎడాలు 115.267, 115.258, 115.245 వస్తాయి. అంటే 2B సుమారు 115.27, B సుమారు 57.636 గిగాహెర్ట్జ్. సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్కలో రాస్తే 5.7636 × 10¹⁰.

I = h/(8π²B) = (6.626 × 10⁻³⁴)/(78.957 × 5.7636 × 10¹⁰) = 1.456 × 10⁻⁴⁶ కి.గ్రా.మీ²

μ = (12 × 15.995)/(27.995) = 6.856

ఇది పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలలో ఉంది. దీన్ని 1.6605 × 10⁻²⁷ తో గుణిస్తే 1.1385 × 10⁻²⁶ కిలోగ్రాములు.

r² = I/μ = 1.279 × 10⁻²⁰

వర్గమూలం తీస్తే r = 1.131 × 10⁻¹⁰ మీటర్లు. అంటే 1.131 ఆంగ్‌స్ట్రామ్‌లు. స్కేలు పెట్టకుండానే కొలిచేశాం!

పరీక్షలో ఎక్కువమంది జారిపడే చోటు ఒకటుంది. ఎడం 2B అయితే దాన్నే B అనుకుని లెక్క వేసేస్తారు. అప్పుడు I సగమై, r 0.80 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది. తప్పని ఎలా పసిగట్టాలి? ఇలాంటి మూడు బంధాల నైట్రోజన్ అణువులో దూరం 1.10. మన జవాబు దాని పక్కన నిలబడాలి. 0.80 అంటే అన్నిటికంటే చిన్న అణువైన హైడ్రోజన్ దగ్గరికి, అంటే 0.74 దగ్గరికి, వెళ్లిపోతున్నాం. అది జరగదు. అలాగే గీతల స్థానాలు సెంటీమీటరు విలోమాలలో ఇచ్చినప్పుడు కాంతి వేగాన్ని సెంటీమీటర్లలో కాకుండా మీటర్లలో వేస్తే, జవాబు సరిగ్గా పదిరెట్లు పెద్దదై 11.3 వస్తుంది. అది కూడా చూడగానే దొరికిపోయే తప్పే.

ఇంకో సంగతి మీరు గమనించే ఉంటారు. ఎడం ఎప్పుడూ 2B అన్నాను కదా, మరి 115.267 నుంచి 115.245కి ఎందుకు తగ్గింది? కొలతలో లోపం అయితే ఒకసారి పెరిగి ఒకసారి తగ్గాలి. ఇక్కడ వరసగా తగ్గుతూనే ఉంది. కారణం ఏమిటంటే, బంధం ఇనప కడ్డీ కాదు, గట్టి స్ప్రింగు లాంటిది. వేగంగా తిరిగేకొద్దీ పరమాణువులు బయటికి లాగబడి బంధం రవ్వంత సాగుతుంది. సాగితే I పెరుగుతుంది, B తగ్గుతుంది, గీతలు దగ్గరవుతాయి. అందుకే ఖచ్చితమైన B కావాలంటే పై గీతల ఎడం కాకుండా, ఈ సాగుడుకు ఒక పదం కలిపిన సూత్రం వాడాలి:

ν = 2B(J+1) − 4D(J+1)³

ఇందులో J ఎక్కడానికి ముందున్న మెట్టు. మొదటి రెండు గీతలతోనే B 57.636, D 0.00018 గిగాహెర్ట్జ్ అని తేలుతుంది. D, B కంటే లక్షల రెట్లు చిన్నది. కాబట్టి మన 1.131 చెక్కుచెదరలేదు.

అయినా పుస్తకంలో ఒకచోట 1.131, ఇంకోచోట 1.128 కనిపిస్తే కంగారు పడకండి. రెండూ ఒప్పే. అణువు ఎంత చల్లబడినా కంపించడం మానదు. మనం కొలిచింది ఆ కంపనంతో కలిసిన సగటు దూరం. కంపనం పై మెట్టులో కూడా B కొలిచి, రెండిటి తేడాతో వెనక్కి లెక్కగట్టి, కంపనమే లేదనుకున్నప్పటి దూరం తీస్తే అది 1.128 అవుతుంది. ఏ దూరం గురించి అడిగారో చూసుకుని జవాబు రాయాలి.

మన లెక్క నిజమేనా అని సరిచూసుకునే దారి కూడా ఉంది. కార్బన్ 12 బదులు కార్బన్ 13 ఉన్న అణువులో మొదటి గీత 110.201 దగ్గర పడుతుంది. అక్కడ μ 7.172. అదే దారిలో లెక్క వేస్తే మళ్లీ 1.131 వస్తుంది. కుండ బరువు మారింది, కావడి బద్ద పొడవు మారలేదు. బంధం పొడవును నిర్ణయించేది ఎలక్ట్రాన్లు. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ఎక్కువైతే వాటికి దాదాపు పట్టదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. తిరిగే అణువు కిరణాన్ని పట్టుకోవాలంటే దానికి ఒక కొస కాస్త ధనంగా, ఇంకో కొస కాస్త రుణంగా ఉండాలి. నైట్రోజన్, హైడ్రోజన్ లాంటి అణువుల్లో రెండు కొసలూ ఒకటే. వాటికి ఈ గీతలు ఉండవు. వాటి భ్రమణాన్ని రామన్ వర్ణపటంలో చూడాలి. ఆకాశంలో చల్లని వాయు మేఘాలు ఎక్కువగా హైడ్రోజనే అయినా, దాని జాడ నేరుగా అందదు. అందుకని ఖగోళ శాస్త్రజ్ఞులు దానితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను వెతుకుతారు. విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ 1970లో ఒరాయన్ నెబ్యులా వైపు రేడియో టెలిస్కోపు తిప్పి పట్టుకున్నది, మనం పైన లెక్కకు తీసుకున్న ఆ 115.271 గీతనే.