కంపెనీ పేరుతో బాడుగ: సంతకం ఎవరిది?

కణేకల్‌లో మీ ఇంటికి గాలిమరల పని చూసే ఓ సైట్ ఇన్‌ఛార్జి వచ్చాడనుకుందాం. "మా ఇంజనీర్లు ఉంటారు సార్, నెలకు పన్నెండు వేలు, మూడు నెలల అడ్వాన్సు. అగ్రిమెంటు కంపెనీ పేరుతోనే" అని కాగితం ముందు పెట్టాడు. పెద్ద కంపెనీ కదా అని సంతకం చేసేయకండి. బాడుగదారు కాలమ్‌లో ఏ పేరుందో ముందు చూడండి.

గాలిమరల మీద కనిపించే పేరు ఒకటి, మనుషుల్ని పెట్టి పని చేయించే కాంట్రాక్టరు పేరు మరొకటి కావచ్చు. అగ్రిమెంటులో రాసిన పేరు, రబ్బరు స్టాంపు మీది పేరు, అడ్వాన్సు వచ్చే బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకటే కావాలి. కంపెనీకి 21 అక్షరాలు, అంకెల సీఐఎన్ నంబరు ఉంటుంది. దాన్ని mca.gov.in లో కొట్టి చూస్తే కంపెనీ ఇంకా నడుస్తోందో లేదో, రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడుందో తెలుస్తుంది. రేపు నోటీసు పంపాల్సింది ఆ చిరునామాకే.

తర్వాత ఆ ఇన్‌ఛార్జి అధికారం. కంపెనీల చట్టం 2013లోని 21వ సెక్షన్ ప్రకారం కంపెనీ తరఫున ఒప్పందంపై సంతకం పెట్టాల్సింది దాని ముఖ్య అధికారులు, లేదా బోర్డు అధికారమిచ్చిన ఉద్యోగి. స్టాంపు కొట్టినంత మాత్రాన అధికారం రాదు. బోర్డు తీర్మానం నకలు, అందులో అతని పేరు అడగండి. అది లేకపోతే, ఆయన బదిలీ మీద బళ్లారికి వెళ్లిపోయాక "ఆ సంతకంతో మాకు సంబంధం లేదు" అని కంపెనీ వాదించే వీలుంటుంది. లేని అధికారం ఉందని చెప్పి సంతకం పెట్టిన మనిషి నష్టపరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 235వ సెక్షన్ చెబుతుంది. కానీ అప్పటికి ఆయన్ను వెతకాల్సింది మీరే.

ఇక రిజిస్ట్రేషన్. పదకొండు నెలలకు రాసుకుంటే అక్కర్లేదని చాలామంది నమ్ముతారు. వేరే కొన్ని రాష్ట్రాల్లో చెల్లే మాట అది. మన దగ్గర 1999 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మారింది, గడువు ఎంతైనా రాతపూర్వక లీజు రిజిస్టరు కావాల్సిందే. నోటరీ చేయించడం రిజిస్ట్రేషన్ కాదు.

దీని దెబ్బ ఇంటి యజమానికే గట్టిగా తగులుతుంది. రెండేళ్లు ఖాళీ చేయకూడదన్న షరతు కాగితంలో ఉన్నా, రిజిస్టరు కాని పత్రంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అప్పుడు సాధారణంగా అది నెలనెలా బాడుగ అవుతుంది, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసిచ్చి కంపెనీ వెళ్లిపోవచ్చు. ప్రాజెక్టు అయిపోగానే సామాను సర్దేసే వాళ్లకు అది సులువే. వాళ్ల కోసం మీరు పెట్టించిన ఏసీలు, గీజర్ల ఖర్చు మీ మీదే పడుతుంది.

అందుకే ఆ ఇన్‌ఛార్జిని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రమ్మనండి. కంపెనీ తరఫున లీజు రిజిస్టరు చేయించాలంటే అధికార పత్రం అక్కడ చూపించాల్సి వస్తుంది. "అంత దూరం ఎందుకు, నోటరీ చాలు" అంటే, బోర్డు తీర్మానం నకలు చేతికొచ్చే దాకా తాళాలు ఇవ్వకండి.