ఐదొందలా, వెయ్యా, ఒక్కోటా?



బెంజ్ సర్కిల్ దగ్గర డీటీపీ పూర్తయి, నీ కథల పుస్తకం 160 పేజీలకు తేలిందని రాశావు. జనవరిలో పుస్తక మహోత్సవానికి వెయ్యి కాపీలు వేయించమని మీ నాన్న అంటున్నాడు. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో పెడితే పెట్టుబడే అక్కర్లేదని నీ స్నేహితులు అంటున్నారు. ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టు. బందరు రోడ్డు పట్టుకుని గవర్నర్‌పేట వైపు వెళ్లి, ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో రెండు కొటేషన్లు అడుగు: 500 కాపీలకు ఎంత, 1000 కాపీలకు ఎంత.

500కి 35,000, వెయ్యికి 55,000 రూపాయలు చెప్పారనుకో. (రేట్లు ప్రెస్సును బట్టి, కాగితం ధరను బట్టి మారతాయి. ఇవి లెక్క చూపడానికి నేను వేసుకున్నవి.) అదనంగా వచ్చిన 500 కాపీలకు పడింది 20,000, అంటే కాపీకి 40. కాగితం, సిరా, బైండింగ్ ఖర్చంతా అదే. మొదటి 500కీ అదే రేటు కడితే 20,000 పోను ఇంకా 15,000 మిగిలింది కదా, అది మొదటి కాపీ బయటికి రాకముందే అయిపోయే ఖర్చు. డెమ్మీ 1/8 సైజులో ఫారానికి 16 పేజీలు, నీ పుస్తకం పది ఫారాలు. డెమ్మీ మెషీన్ మీద ఫారానికి ముందుకొకటి, వెనక్కొకటి చొప్పున ఇరవై ప్లేట్లు కావాలి. రంగుల అట్టకు ఇంకో నాలుగు. ప్లేటు మార్చినప్పుడల్లా సిరా, నీళ్లు కుదిరేదాకా పోయే షీట్లూ అందులోనే. నువ్వు పది కాపీలు వేయించినా, పదివేలు వేయించినా ఆ 15,000 తప్పదు. ఐదొందలకు తక్కువంటే చాలా ప్రెస్సులు మొహం చిట్లించేది ఇందుకే. 164 పేజీలైతే నాలుగు పేజీల కోసం ఇంకో ఫారం ఎక్కించాలి, కాబట్టి 160 దగ్గరే ఆగు.

ప్రింట్ ఆన్ డిమాండ్‌కు వాడే డిజిటల్ మెషీన్‌కు ప్లేట్లు ఉండవు. పేజీకింత అని లెక్క. నీ పుస్తకం కాపీకి 110 పడుతుందనుకుందాం. అది ఒకటైనా 110, వందైనా ఇంచుమించు అంతే. 110కీ 40కీ తేడా 70. 15,000ని 70తో భాగిస్తే 214. ఆ సంఖ్య దాటితే ఆఫ్‌సెట్ చౌక అని ఎవరైనా చెబుతారు.

ఆ లెక్కలో ఒక మోసం ఉంది. అది అచ్చయిన కాపీల లెక్క, నీకు కావలసింది అమ్ముడైన కాపీల లెక్క. వెయ్యి వేస్తే కాపీ 55కే వచ్చిందని సంతోషిస్తాం. మూడొందలే అమ్ముడైతే ఒక్కోటి 183 పడ్డట్టు, మిగతా ఏడొందలు మంచం కింద. 55,000ని 110తో భాగించి చూడు: ఐదొందల మంది కొంటేగానీ ఆ వెయ్యి గిట్టుబాటు కాదు. ఐదొందలే వేస్తే 320 మంది చాలు. కొత్త కథకురాలికి ఐదొందల మంది కొనుగోలుదారులు ఎక్కడున్నారో పేర్లు రాసుకుని చూడు. ఊరికే మెచ్చుకునేవాళ్లను అందులో కలపకు.

అయితే ప్రింట్ ఆన్ డిమాండే మంచిదా అంటే, ఏలూరు రోడ్డు షాపులకు వెళ్లేసరికి అది నిలవదు. ధర 150 పెట్టి షాపువాళ్లకు 40 శాతం కమీషన్ ఇస్తే నీ చేతికి 90 వస్తుంది. 110 పెట్టి వేయించిన కాపీ మీద ఇరవై నష్టం. 55కి వచ్చిన కాపీ అయితే 35 మిగులుతుంది. షాపుల ద్వారా అమ్మదలిస్తే ఆఫ్‌సెట్టే గతి. డిజిటల్ కాపీని నువ్వే చేతికిచ్చి అమ్మాలి. అమెరికాలో ఉన్న మీ పిన్ని ఒక్క కాపీ అడిగినప్పుడు, పాత పుస్తకం ఆగిపోకుండా ఉంచాలన్నప్పుడు ఒక్కోటి వేయించడానికి మించింది లేదు. నిల్వే ఉండదు.

నా మాట వింటే మహోత్సవానికి 120 కాపీలు డిజిటల్‌లో ఒకేసారి వేయించు. అవి నీ చేతుల మీదుగా అయిపోయి, షాపులవాళ్లు వాళ్లంతట వాళ్లు అడిగితే అప్పుడు 500 ఆఫ్‌సెట్‌కు వెళ్లు. వెయ్యి మాట అప్పుడు కూడా ఎత్తకు.

120కీ ఒప్పుకోకముందు ఒక్క కాపీ తీయించు. అను ఫాంట్లలో కూర్చిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చి ఉంటే ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. క్ష్మ, స్త్ర, ర్త్య లాంటివి వెతికి చూడు. పుస్తకం మధ్యలో తెరిచి బల్ల మీద పెట్టు. పేజీలు బిర్రుగా నిలబడి మూసుకుపోతుంటే కాగితం పోగు వీపుకు అడ్డంగా పడిందన్నమాట, షీటును తిప్పి కోయమని చెప్పు. తర్వాత ఆఫ్‌సెట్‌కు వెళ్తే అట్ట ఫైలు మాత్రం పాతది ఇవ్వకు. కాగితం మందం మారితే వీపు వెడల్పు మారుతుంది, నీ పేరు ముందట్ట మీదికి జరిగిపోతుంది.

ఇట్లు,
మీ బాబాయి