సగటు పక్కన ఉన్న 0.5 దేనిది?

పిల్లలూ, సెషన్ మధ్యలో బదిలీ వస్తే సామాను లారీలో వస్తుంది, స్నేహితులు ఫోనులో వస్తారు. ల్యాబ్ రికార్డు మాత్రం చాలాసార్లు పాత బడిలోనే ఉండిపోతుంది. ఈ ఏడాది పదకొండో తరగతిలో చేరిన ఒక అబ్బాయికి అదే జరిగింది. పాత బడిలో అతనితో కలిసి ప్రయోగం చేసిన అమ్మాయి రికార్డులోని ఆ పేజీని ఫోటో తీసి పంపింది. కొలిచిన మొక్కలు ఎప్పుడో వాడిపోయాయి కాబట్టి మళ్లీ కొలిచే వీలు లేదు. కొత్త రికార్డులో ఏం రాయాలన్నా ఆ ఫోటోయే ఆధారం. దాన్ని తెలుగులో రాసి మన పత్రికకు ఇస్తానని అతను తేవడంతో ఆ పేజీ మా చేతికి వచ్చింది.

ప్రయోగం చిన్నదే. ట్రేలో తడి దూది పరిచి, పెసలు చల్లి, కిటికీ పక్కన పెట్టారు. ఏడో రోజున 16 మొలకల ఎత్తును స్కేలుతో అర సెంటీమీటరు వరకు కొలిచారు. చిన్నదానితో మొదలుపెట్టి వరసగా పెడితే ఆ ఎత్తులు సెంటీమీటర్లలో ఇవి:

8.5, 9.5, 10, 10, 10.5, 11.5, 11.5, 12, 12, 12.5, 13, 13, 13.5, 14, 14.5, 16

పట్టిక కింద "సగటు ఎత్తు 12.0 ± 0.5 సెం.మీ., స్టాండర్డ్ డీవియేషన్" అని ఉంది. దాని కింద నిర్ధారణ: "మొలకల్లో చాలావరకు 11.5, 12.5 సెం.మీ.ల మధ్య ఉన్నాయి. దీనికి బాగా దూరంగా ఉన్న 8.5, 9.5, 16 రీడింగులు కొలతలో పొరపాటు కావచ్చు." ఆ మూడు అంకెల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. "ఈ మూడూ వదిలేసి రాసుకోమంటారా?" అని అబ్బాయి అడిగాడు.

జవాబు చెప్పే ముందు పట్టికనే అడుగుదాం. 11.5కీ 12.5కీ మధ్య ఎన్ని మొలకలున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టండి. రెండు 11.5లు, రెండు 12లు, ఒక 12.5. పదహారులో అయిదే. "చాలావరకు" అన్న మాట అక్కడే నిలవదు. నిర్ధారణ ఒకటి చెబుతూ, దాని పైనున్న పట్టిక మరొకటి చెబుతుంటే, ఆ రెంటి మధ్యలో ఉన్న 0.5ని అనుమానించాలి.

స్టాండర్డ్ డీవియేషన్‌ను తెలుగులో ప్రామాణిక విచలనం అంటాం. ఒక్కో మొలక సగటుకు ఎంత అటూ ఇటూ చెదిరి ఉందో అది చెబుతుంది. స్టాండర్డ్ ఎర్రర్, అంటే ప్రామాణిక దోషం, మొలకల గురించి కాదు, సగటు గురించి చెబుతుంది. తేడా ఇలా ఊహించుకోండి. మీ తరగతిలో ప్రతి ఒక్కరూ అదే పెసల పొట్లం నుంచి 16 గింజలు తీసుకుని, అదే కిటికీ పక్కన మొలకెత్తించి, ఎవరి సగటు వారు బోర్డు మీద రాశారనుకుందాం. ఒకరికి 12.0 వస్తే మరొకరికి 11.6, ఇంకొకరికి 12.3 రావచ్చు. ఈ సగటులు కూడా చెదురుతాయి, కానీ మొలకలంతగా చెదరవు. ఎందుకంటే ప్రతి ట్రేలోనూ పొడుగువీ పొట్టివీ కలిసి ఉంటాయి, సగటు తీసేటప్పుడు ఒకదాన్నొకటి సరిపుచ్చుకుంటాయి. బోర్డు మీది సగటులు ఎంత చెదురుతాయో, ఒక్క ట్రే రీడింగులు చూసే అంచనా వేసి చెప్పేది ప్రామాణిక దోషం. ప్రామాణిక విచలనాన్ని రీడింగుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే అది వస్తుంది. ఇక్కడ రీడింగులు 16, వర్గమూలం 4. అంటే ఈ పేజీలో ఒకటి రెండోదానిలో నాలుగో వంతు ఉంటుంది. ఒకదాని పేరు ఇంకొకదానికి తగిలిస్తే నాలుగు రెట్ల తేడా వచ్చేస్తుంది.

తెలుగు చెప్పేవాళ్లం కాబట్టి ఇక్కడ ఒక మాట. "దోషం" అనగానే మనకు తప్పు గుర్తొస్తుంది, తప్పు చేసినవాళ్లు ఎవరా అని వెతుకుతాం. ఇంగ్లీషు మాటకూ ఇదే చిక్కు ఉంది. ఈ రెండు పేర్లలో దోషం అంటే ఎవరి పొరపాటూ కాదు. పదహారే కొలిచాం కాబట్టి సగటులో మిగిలిపోయే ఊగిసలాట అది.

మరి ఫోటోలోని 0.5 ఏది? కాలిక్యులేటర్ తీయకముందే పసిగట్టడానికి ఒక ఉపాయం ఉంది. అన్నిటికంటే పెద్ద రీడింగులోంచి చిన్నదాన్ని తీసేయండి: 16 లోంచి 8.5 పోతే 7.5. రీడింగులు పదికీ ఇరవైకీ మధ్య ఉంటే, మరీ ఒకవైపుకే ఒరిగి లేకపోతే, ఈ తేడాను మూడుతోనో నాలుగుతోనో భాగిస్తే ప్రామాణిక విచలనం సుమారుగా వస్తుంది. 7.5ని అలా భాగిస్తే 1.9కీ 2.5కీ మధ్య వస్తోంది. 0.5 దాని దరిదాపుల్లో కూడా లేదు.

ఇప్పుడు పూర్తి లెక్క. ఎత్తులన్నీ కూడితే 192, పదహారుతో భాగిస్తే సగటు 12. ప్రతి ఎత్తుకూ 12కీ ఉన్న తేడాను వర్గం చేయాలి. 8.5కి తేడా 3.5, వర్గం 12.25. 16కి తేడా 4, వర్గం 16. ఇలా పదహారూ చేసి కూడితే సరిగ్గా 60 వస్తుంది, మీరూ చేసి చూడండి. ఈ 60ని 16తో కాక, ఒకటి తగ్గించి 15తో భాగించాలి. తేడాలను ఆ రీడింగుల నుంచే తీసిన సగటుతో పోల్చాం కాబట్టి అవి కాస్త తక్కువగా కనిపిస్తాయి, ఆ లోటు తీర్చడానికే ఒకటి తగ్గించడం. 60ని 15తో భాగిస్తే 4, వర్గమూలం 2. ప్రామాణిక విచలనం 2.0 సెం.మీ. దాన్ని 4తో భాగిస్తే 0.5, ఇది ప్రామాణిక దోషం. ఫోటోలోని అంకె సరైనదే, పక్కన రాసిన పేరు తప్పు.

కంప్యూటర్ ల్యాబులో స్ప్రెడ్‌షీట్ మీద చేసేవాళ్లకు, ఎత్తులు B2 నుంచి B17 వరకు ఉంటే:

```
=STDEV.S(B2:B17)
=STDEV.S(B2:B17)/SQRT(COUNT(B2:B17))
```

మొదటిది 2 ఇస్తుంది, రెండోది 0.5. STDEV.P అని మరొకటి ఉంటుంది, అది 16తోనే భాగించి 1.94 ఇస్తుంది. ఫోటోలో 1.94 కనిపిస్తే అలా జరిగిందని పోల్చుకోవచ్చు.

ఇక ఎర్ర సున్నాల సంగతి. ప్రామాణిక విచలనం 2 కాబట్టి సగటుకు అటూ ఇటూ అంత దూరంలో, అంటే 10కీ 14కీ మధ్య, పదహారులో పన్నెండు మొలకలున్నాయి. మిగిలిన నాలుగూ కాస్త బయట ఉన్నాయి. పెసల మొలకలు మామూలుగా అలాగే ఉంటాయి. 8.5 మొలక సగటుకు రెండు విచలనాల లోపే ఉంది, 16 మొలక సరిగ్గా రెండు విచలనాల దూరంలో ఉంది. వాటిని అనుమానించడానికి పట్టికలో ఏ కారణమూ లేదు. ఆ మూడూ తీసేస్తే సగటు 12.2కి మాత్రమే జరుగుతుంది, చూడ్డానికి ఏమీ కానట్టే ఉంటుంది. కానీ ప్రామాణిక విచలనం 2.0 నుంచి 1.4కి పడిపోతుంది. పెసలు ఉన్నదానికంటే ఒకే తీరుగా పెరుగుతాయని రికార్డు అబద్ధం చెబుతుంది. ఒక తప్పు పేరు మూడు మంచి రీడింగులను మింగేసేది. అందుకే అబ్బాయికి "వదిలేయొద్దు" అన్నాం.

ఫోటోలోనే రెండో పట్టిక కూడా ఉంది. మరో 16 మొలకలను ఇంకో ట్రేలో వేసి అట్టపెట్టె కింద చీకట్లో పెంచారు. వెలుగు దొరకని మొలక పాలిపోయి, సన్నగా, పొడుగ్గా సాగుతుందని మీకు తెలుసు. ఆ ట్రే సగటు 14.0, ప్రామాణిక విచలనం అక్కడా 2.0. వింతేమిటంటే ఈసారి అంకెకు పేరు సరిగ్గానే రాశారు, వాడిన చోటు కుదరలేదు. "కిటికీ ట్రే 10 నుంచి 14, చీకటి ట్రే 12 నుంచి 16. రెండూ ఒకదాని మీదొకటి పడుతున్నాయి కాబట్టి తేడా లేదు" అని రాశారు. ఒక కిటికీ మొలక ఏదో ఒక చీకటి మొలకకంటే పొడుగ్గా ఉండవచ్చా అన్నది ప్రశ్న అయితే ఈ జవాబు సరిపోయేది. వాళ్లు అడిగినది సగటుల గురించి. సగటుల మధ్య తేడా 2.0. ఒక్కో సగటు ఊగిసలాట 0.5. రెంటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే తేడాకు వచ్చే ప్రామాణిక దోషం సుమారు 0.7. తేడా దానికి దాదాపు మూడు రెట్లు ఉంది. వట్టి యాదృచ్ఛికంగా అంత తేడా రావడం అరుదు. చీకటి ట్రే మొలకలు నిజంగానే పొడుగు అనడానికి ఇది గట్టి ఆధారమే.

అయితే ఈ లెక్కకు కనిపించనిది ఒకటుంది. స్కేలు మొదటి గీత అరిగిపోయి ప్రతి కొలతా 0.3 సెం.మీ. తప్పుగా వచ్చి ఉంటే సగటూ అంతే తప్పుతుంది. విచలనం 2.0గానే, దోషం 0.5గానే ఉంటాయి. నూరు మొలకలు కొలిచినా అది బయటపడదు. అలాగే నాలుగు మొలకలనే నాలుగేసిసార్లు కొలిచి పదహారు అని రాస్తే భాగించాల్సిన వర్గమూలం 4 కాదు, 2.

ఫోటో నుంచి ఎక్కించేటప్పుడు మేమిద్దరం చూసుకున్నవి కొన్ని. దశాంశ చుక్క మసకలో పోతుంది. 9.5 కాస్తా 95 అయితే వెంటనే తెలుస్తుంది, 12.5 కాస్తా 12 అయితే తెలియదు. అందుకే పట్టికను మళ్లీ కూడి 192 వచ్చిందో లేదో చూశాం. మొలకల సంఖ్య పేజీ పై మూలన రాసి ఉంది. ఫోటోలో ఆ మూల తెగిపోయి ఉంటే, పట్టిక కూడా లేకపోతే, ± 0.5 ఏదో ఎవరూ తేల్చలేరు. అప్పుడు ఆ అమ్మాయికే ఫోను చేసి అడగాలి. గ్రాఫులో సగటు మీద నిలబెట్టిన చిన్న గీతల పొడవును వంకరగా తీసిన ఫోటోలో కళ్లతో అంచనా వేయకూడదు, పక్కనున్న అక్షం మీది అంకెలతోనే పోల్చాలి. ఈ గ్రాఫు కింద ఆ గీతలేమిటో రాయలేదు. అక్షంతో పోలిస్తే సగటు నుంచి పైకి అర సెంటీమీటరు, కిందికి అర సెంటీమీటరు వచ్చాయి. అంటే అవీ ప్రామాణిక దోషాలే.

చివరికి కొత్త రికార్డులో పట్టికలను పదహారేసి రీడింగులతో ఉన్నవున్నట్టు దించాడు. పాత వాక్యాన్ని కూడా రాసి, చెరపకుండా ఒక్క గీతతో కొట్టేసి, దాని కింద తేదీ వేసి ఇలా రాశాడు: "కిటికీ ట్రే: సగటు 12.0 సెం.మీ., ప్రామాణిక విచలనం 2.0 సెం.మీ., సగటుకు ప్రామాణిక దోషం 0.5 సెం.మీ., మొలకలు 16. చీకటి ట్రే: సగటు 14.0 సెం.మీ., ప్రామాణిక విచలనం 2.0 సెం.మీ., సగటుకు ప్రామాణిక దోషం 0.5 సెం.మీ., మొలకలు 16. గ్రాఫులోని గీతలు ప్రామాణిక దోషాలు. రీడింగులు వేటినీ తొలగించలేదు. పాత రికార్డు ఫోటో నుంచి ఎక్కించినది." ఆ పేజీని ఫోటో తీసి, పాత బడిలో ఉన్న అమ్మాయికి ఆ సాయంత్రమే పంపాడు.